పూడ్చిన చెరువు స్థలంలో ఇల్లు: బోర్డ్ పైల్స్ ఎప్పుడు వేయాలి, ఎలా వేయాలి

విజయనగరం శివార్లలో 150 గజాల ప్లాట్ కొన్న ఒక స్కూల్ మాస్టారు, పిల్లర్లకు గోతులు తీయించే ముందు ఒకసారి చూసి వెళ్లమని నన్ను పిలిచారు. గ్రౌండ్ ఫ్లోర్, దాని మీద ఇంకో అంతస్తు కట్టాలని ఆయన ఆలోచన. ప్లాట్ చదునుగా, ఎర్ర గ్రావెల్‌తో శుభ్రంగా ఉంది. పక్క ప్లాట్ దాటితే మాత్రం నేల ఒక్కసారిగా మనిషి లోతు దిగిపోయి వరి మడి కనిపిస్తోంది. మేస్త్రీకి అదేమీ పెద్ద విషయంగా తోచలేదు. "గ్రావెల్ తోలించి రోడ్ రోలర్ కూడా తిప్పేసినారు బాబూ, ఇంకేటి భయం? అయిదడుగులు తీసి ఫుటింగ్ వేసేద్దాం" అన్నాడు.

అసలు ప్రమాదం ఆ గ్రావెల్‌లోనే ఉంది. ఘనమీటరు గ్రావెల్ సుమారు 1.8 టన్నులు తూగుతుంది. రెండు మీటర్ల పైన మందం పోస్తే ప్రతి చదరపు మీటరు మీద దాదాపు నాలుగు టన్నులు పడుతుంది. మాస్టారు కట్టబోయే రెండంతస్తుల ఇల్లు మొత్తం లెక్కేసినా చదరపు మీటరుకి మూడు టన్నుల పైచిలుకే. అంటే ఇటుక పెట్టకముందే ఇంటికంటే బరువైన దాన్ని మెత్తటి చెరువు మట్టి నెత్తిన పెట్టేశారు. ఆ బరువుకి కింది బంకమట్టిలోని నీరు నెమ్మదిగా బయటికి పోతూ, మట్టి ఏళ్ల తరబడి కుదించుకుంటూనే ఉంటుంది. రోలర్ గట్టిపరిచేది పైన పోసిన గ్రావెల్‌ని, కిందున్న బంకమట్టిని కాదు. ఆ గ్రావెల్ మీద ఫుటింగ్ వేస్తే దానితో పాటు ఇల్లూ దిగుతుంది. అన్ని మూలలా ఒకేలా దిగితే పెద్ద నష్టం ఉండదు. కానీ పూడిక మందం ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ ఉంటుంది కాబట్టి ఒక వైపు ఎక్కువ దిగి, గోడలు మెట్లు మెట్లుగా పగులుతాయి.

ముందు నేలని తెలుసుకోవడం

పూడ్చిన స్థలమా కాదా అన్నది చాలావరకు పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. ఆ ఊరి పెద్దవాళ్లని "లేఅవుట్ వేయకముందు ఇక్కడ ఏం పండేది?" అని అడగండి. వరి అంటే పల్లం. ఏమీ పండేది కాదు, గేదెలు దిగేవి అంటే చెరువు గర్భమో గెడ్డ వారో అయి ఉంటుంది. పాత గ్రామ పటంలో చెరువులు, గెడ్డలు గుర్తులతో ఉంటాయి. చుట్టుపక్కల కాంపౌండ్ గోడలు చూడండి. రెండు మూడేళ్ల కిందట కట్టినవి అప్పుడే ఒక పక్కకి వాలి ఉన్నాయంటే కింద పూడిక ఇంకా దిగుతోందన్నమాట.

తర్వాత జేసీబీతో రెండు చోట్ల మూడేసి మీటర్ల గొయ్యి తీయించండి. పూడ్చిన మట్టి గోడలు చెప్పకుండా విరిగిపడతాయి కాబట్టి ఎవరినీ గోతిలోకి దింపొద్దు. బకెట్ పైకి తెచ్చిన మట్టిని గట్టు మీద వరసగా పోయించి చూస్తే చాలు. మాస్టారి ప్లాట్‌లో మొదట గ్రావెల్, దానిలో ఇటుక ముక్కలు, గోనె పీలికలు వచ్చాయి. 2.2 మీటర్ల దగ్గర రంగు మారి నల్లటి మట్టి వచ్చింది. కుళ్లిన నాచు వాసన, అందులో నత్తగుల్లలు. పిడికిట్లో నొక్కితే వేళ్ల సందుల్లోంచి వెన్నలా జారింది. ఇలా జారే మట్టి ఇంటి బరువు మోయలేదు.

ఈ గొయ్యితోనే చాలా ఇళ్ల సంగతి తేలిపోతుంది. పూడిక మీటరు, మీటరున్నర ఉండి, దాని కింద గట్టి గరప నేల తగిలితే పైల్స్, అంటే నేలలోకి లోతుగా గొయ్యి తవ్వి పోసే కాంక్రీటు స్తంభాలు, అక్కర్లేదు. పూడికంతా దాటి అసలు నేలలోకి ఫుటింగ్ దించితే సరిపోతుంది. శ్రీకాకుళంలో నాగావళి దగ్గరి ఇసుక నేలల్లోనూ, కింద బంకమట్టి పొర లేకుండా ఇసుక బిగువుగా ఉంటే చిన్న ఇంటికి మామూలు ఫుటింగ్ చాలు. పూడిక రెండు మీటర్లు దాటి, దాని కింద మెత్తటి బంక ఉండి, నీరు పైకే ఉంటే అప్పుడు పైల్స్ గురించి ఆలోచించాలి. అలాంటి చోట గొయ్యి లోతు చేసేకొద్దీ గోడలు కూలుతాయి, నీళ్లు తోడటానికే డబ్బులు పోతాయి. ఇల్లంతటి కిందా ఒకే కాంక్రీటు పలక, అంటే రాఫ్ట్, వేద్దామని కొందరంటారు. రాఫ్ట్ పగుళ్లని తగ్గిస్తుంది కానీ పూడిక దిగడాన్ని ఆపదు. కింద పొర మందం ఒకేలా లేకపోతే ఇల్లు మొత్తం ఒక పక్కకి ఒరుగుతుంది. నల్లరేగడిలో వేసే మూడు నాలుగు మీటర్ల అండర్ రీమ్డ్ పైల్స్ కూడా ఇక్కడ పనికిరావు. వాటి అడుగున ఉండే ఉబ్బు గట్టి మట్టిలోనే నిలుస్తుంది, బురదలో కూలిపోతుంది.

పైల్స్ అనుకున్నాక మట్టి పరీక్ష తప్పనిసరి. ప్లాట్‌కి ఎదురెదురు మూలల్లో రెండు బోర్లు వేయించండి. ఎస్.పి.టి. అనే పరీక్షలో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదే పదే వదిలి ఒక గొట్టాన్ని నేలలోకి కొడతారు. గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగడాన్ని లెక్కలోకి తీసుకోరు. తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయన్నదే ఎన్ విలువ. మాస్టారి ప్లాట్‌లో నల్ల బంకమట్టి 5.4 మీటర్ల దాకా ఉంది, అక్కడ ఎన్ విలువ 2, 3. ఆ తర్వాత మన జిల్లాల్లో తరచూ తగిలే ఖోండలైట్ రాయి చివికి అయిన పసుపు, ఎరుపు మట్టి మొదలైంది. ఎన్ విలువ మొదట 22, ఏడు మీటర్ల దగ్గర 38, తొమ్మిది మీటర్లు దాటాక 50 పైన. నీరు 1.8 మీటర్ల లోతులోనే ఉంది.

పైల్ ఎంత మోస్తుంది, ఎంత పొడవుండాలి

పైల్ రెండు రకాలుగా బరువు మోస్తుంది. దాని ఒంటిని మట్టి పట్టుకోవడం ఒకటి, అడుగు గట్టి నేల మీద ఆనడం రెండోది. అందుకే పొడవు పెరిగితే బలం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. పూడిక నేలలో ఆ మాట సగమే నిజం. పైనున్న గ్రావెల్, బంకమట్టి రెండూ దిగుతున్నాయి కదా, దిగుతూ దిగుతూ అవి పైల్‌ని కూడా కిందికి లాగుతాయి. అంటే ఆ భాగంలో మట్టి పైల్‌ని మోయకపోగా దాని మీద అదనపు బరువు వేస్తుంది. ఏ డిజైన్ కాగితం చేతికొచ్చినా ముందు చూడాల్సింది ఇదే. పూడికలోని పొడవుని కూడా బలంగా లెక్కేసి ఉంటే ఆ కాగితం వెనక్కి పంపేయండి.

మాస్టారి ఇంటికి 450 మిల్లీమీటర్ల పైల్, నేల మీంచి 9.4 మీటర్ల లోతు అనుకున్నాం. ఇందులో మోసేది కింది నాలుగు మీటర్లే. ఆ గట్టి మట్టిలో ఒంటి పట్టు చదరపు మీటరుకి 6 టన్నుల చొప్పున సుమారు 34 టన్నులు. అడుగు ఆనికకి చదరపు మీటరుకి 225 టన్నుల చొప్పున సుమారు 36 టన్నులు. మొత్తం 70. దీన్ని భద్రత కోసం 2.5తో భాగిస్తే 28 టన్నులు. పై 5.4 మీటర్ల మట్టి లాగే బరువు దాదాపు 9 టన్నులు. అది తీసేస్తే ఇంటికి మిగిలేది 19 టన్నులు. లాగుడు సంగతి మరిచిపోయిన డిజైన్ ఇదే పైల్ మీద 28 టన్నులు ఎక్కించేస్తుంది. మట్టి అంకెలన్నీ ఆ ప్లాట్ పరీక్షలోంచి వచ్చినవి. మీ నేలకి మీ రిపోర్టు చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు వేరే లెక్క కట్టాలి.

ఇంటికి 12 పిల్లర్లు. మూల పిల్లర్ల మీద 14 టన్నులు, అంచు పిల్లర్ల మీద 18, మధ్యలోని రెండింటి మీద 32 టన్నుల చొప్పున వచ్చింది. మూలలకి, అంచులకి ఒక్కో పైల్, మధ్యవాటికి రెండేసి. మొత్తం 14 పైల్స్. జంట పైల్స్ మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, పైల్ వ్యాసానికి మూడు రెట్లు పెట్టాం.

గొయ్యి తవ్వడం

చిన్న ప్లాట్లలోకి పెద్ద రిగ్ రాదు. మూడు కాళ్ల ట్రైపాడ్, వించ్, అడుగున మూత తలుపు ఉన్న బెయిలర్, గట్టి పొర తగిలితే కొట్టడానికి ఉలిలాంటి చీజిల్, వీటితోనే పని అవుతుంది. మధ్య గుర్తుకి నాలుగు పక్కలా మేకులు కొట్టి దారాలు కట్టుకోవాలి. తవ్వకం మొదలయ్యాక మధ్య గుర్తు పోతుంది, దారాలే దిక్కు. నిలువు తప్పితే పైల్ పొడవులో 1.5 శాతం వరకే సహించొచ్చు. మన 9.4 మీటర్లకి అది 14 సెంటీమీటర్లు.

ఇక్కడ ఇనుప కేసింగ్ గొట్టాన్ని పూడిక, బంకమట్టి రెండూ దాటించి, గట్టి మట్టిలోకి అర మీటరు దిగేదాకా కొట్టాలి. అంటే దాదాపు ఆరు మీటర్లు. పైన రెండు మీటర్లు కేసింగ్ పెట్టి "మిగతాది మట్టే నిలబడుతుంది" అనేవాళ్లు చాలామంది. వెన్నలా జారే బంక నిలబడదు, నెమ్మదిగా గోతిలోకి ఉబ్బుతుంది. కేసింగ్ కింద గోడ విరుగుతుంటే, ముఖ్యంగా ఇసుక పొరలుంటే, బెంటోనైట్ అనే బంకమట్టి పొడి కలిపిన నీళ్లు నింపి తవ్వాలి. ఏది నింపినా గోతిలో మట్టం ఎప్పుడూ బయటి భూగర్భ నీటి మట్టం కంటే కనీసం మీటరు పైన ఉండాలి. బెయిలర్ పైకి లాగినప్పుడల్లా మట్టం పడుతుంది, వెంటనే నింపాలి. లోపల తగ్గితే బయటి నీరు అడుగు నుంచి తన్నుకొచ్చి, ఇసుకని పైకి తెచ్చి, గట్టి నేలని కూడా వదులు చేస్తుంది.

లోతు దగ్గరపడేకొద్దీ బెయిలర్‌లో వచ్చిన మట్టిని మీటరుకి ఒక పిడికెడు చొప్పున సంచుల్లో కట్టి లోతు రాసి పెట్టండి. బోరు రిపోర్టులో పసుపు మట్టి 5.4 దగ్గర మొదలైతే మీ గోతిలో 6.2 దగ్గర మొదలవ్వొచ్చు. అప్పుడు పైల్ కూడా అంత లోతు పెరగాలి. కాగితంలో 9.4 అని ఉంది కదా అని ఆపేస్తే ఆ పైల్‌కి గట్టి మట్టిలో దొరికేది 3.2 మీటర్లే.

అడుగు శుభ్రం చేయడం

చిన్న పనుల్లో పైల్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. తవ్వకం ఆగాక నీళ్లలోని బురద నెమ్మదిగా అడుగుకి చేరుతుంది. దాని మీద కాంక్రీటు పోస్తే మనం లెక్కేసిన 36 టన్నుల ఆనిక పరుపు మీద ఆనినట్టే.

పరీక్ష తేలిక. టేపు చివర అరకిలో ఇనుప బరువు కట్టి గోతిలోకి వదలండి. గట్టి అడుగు తగిలితే చేతికి టక్కున తెలుస్తుంది. బురద ఉంటే బరువు మెత్తగా దిగి, పైకి లాగుతుంటే పట్టుకున్నట్టు అనిపిస్తుంది. తవ్వడం అయిపోగానే ఒకసారి, కడ్డీల పంజరం దించాక ఒకసారి, కాంక్రీటు పోసే ముందు నిమిషంలో ఇంకోసారి కొలిచి ముగ్గురి ముందు రాయించండి. మొదటి కొలత 9.40 ఉండి చివరిది 9.20 వస్తే 20 సెంటీమీటర్ల బురద చేరినట్టు. కాంక్రీటు పోయడానికి అడుగుదాకా దించే ట్రెమీ గొట్టంలోంచి అడుగుకి శుభ్రమైన నీరో బెంటోనైటో పంపుతూ, బురద పైకి పొంగి పోయేదాకా కడిగి మళ్లీ కొలవాలి. గొయ్యి సాయంత్రం తవ్వి, కాంక్రీటు మర్నాడు పొద్దున పోస్తామంటే ఒప్పుకోకండి.

పంజరం, కాంక్రీటు

450 పైల్‌కి 12 మిల్లీమీటర్ల కడ్డీలు ఆరు, పైల్ అడ్డకోతలో 0.4 శాతం పైనే వస్తాయి. పైల్స్‌కి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2911 అడిగే కనీసం అదే. 8 మిల్లీమీటర్ల రింగులు 150కి ఒకటి. చుట్టూ 75 మిల్లీమీటర్ల కవర్ కోసం పంజరానికి గుండ్రటి కవర్ బిళ్లలు తొడగాలి. చదరపు బిళ్లలు గోడని గీరి మట్టిని లోపల రాలుస్తాయి.

కాంక్రీటు కనీసం ఎం 25, ఘనమీటరుకి 400 కిలోల సిమెంటు, జారుడుని కొలిచే స్లంప్ 150 నుంచి 180 మిల్లీమీటర్లు. స్లాబుకి కలిపినట్టు బిగువుగా కలిపితే గొట్టంలో ఇరుక్కుంటుంది. పైనుంచి నీళ్లు పోసి జారుడు చేస్తే బలం పోతుంది. జారుడు కోసం ప్లాస్టిసైజర్ వాడాలి.

నీళ్లున్న గోతిలో పైనుంచి కుమ్మరిస్తే సిమెంటు కడుక్కుపోయి కంకర మాత్రం మిగులుతుంది. అందుకే 150 మిల్లీమీటర్ల ట్రెమీ గొట్టం అడుగుదాకా దించి, చివర అడుగుకి జానెడు పైన ఉంచి, గొట్టం మీద తొట్టె పెట్టి పోయాలి. మొదటి పోతకే గొట్టం మూతి కాంక్రీటులో మునగాలి. ఒక్క బస్తా కాంక్రీటు తొట్టెలో పోసి వదిలితే సగం గొట్టంలోనే సరిపోయి, మూతి నీళ్లలోనే ఉండిపోతుంది. మూడు బస్తాల మాలు ముందే కలిపి సిద్ధంగా పెట్టుకుని ఆగకుండా వదలాలి. ఆ తర్వాత మూతి ఎప్పుడూ కాంక్రీటులో రెండు మీటర్లు తగ్గకుండా మునిగి ఉండేలా చూసుకుంటూ గొట్టాన్ని పైకి లాగాలి.

ఇప్పుడు చెప్పే లెక్క సైట్‌లో నిలబడే యజమాని కూడా చేయగలడు. ఒక బస్తా సిమెంటుకి 0.125 ఘనమీటర్ల కాంక్రీటు వస్తుంది. 450 గోతిలో అది సుమారు 78 సెంటీమీటర్ల ఎత్తు. ప్రతి బస్తా తర్వాత టేపు వదిలి కాంక్రీటు ఎంత పైకొచ్చిందో రాయండి. 78 కంటే కాస్త తక్కువ వస్తే గొయ్యి కొంచెం వెడల్పయిందని, దాంతో భయం లేదు. ఎక్కువ వస్తే మాత్రం అక్కడ గొయ్యి సన్నబడిందన్నమాట.

మాస్టారి ఇంట్లో అయిదో పైల్‌కి అదే జరిగింది. కేసింగ్‌ని గట్టి మట్టిదాకా కొట్టకుండా 4.8 మీటర్ల దగ్గరే ఆపేశారు. నేను ఆ పూట ఆలస్యంగా చేరాను. అయిదు బస్తాలు లెక్కగానే వచ్చాయి. ఆరో బస్తాకి టేపు చూస్తే ఏకంగా 1.2 మీటర్లు పెరిగింది. ఏడోది మళ్లీ మామూలే. కేసింగ్ కింద వదిలేసిన ఆ అరవై సెంటీమీటర్ల బంక లోపలికి ఉబ్బి పైల్ నడుము నొక్కేసింది. పని చేయిస్తున్న కాంట్రాక్టరు "లోపల ఎవరు చూస్తారు సార్, కడ్డీలున్నాయి కదా" అన్నాడు. నడుము సన్నబడ్డ చోట కడ్డీలకి కవర్ కూడా ఉండదు. నీళ్లలో అవి తుప్పు పడితే ఇక బాగుచేసే దారే లేదు. ఆ పైల్‌ని వదిలేసి, గోడ వరసలోనే దానికి రెండు పక్కలా 1.8 మీటర్ల ఎడంలో రెండు పైల్స్ వేయించి, మీద రెండింటినీ కలిపే కాంక్రీటు దిమ్మె, అంటే క్యాప్, కట్టి పిల్లర్ నిలబెట్టాం. మాస్టారికి టెన్షన్, అదనపు ఖర్చు రెండూ తప్పలేదు.

కేసింగ్ పైకి లాగేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉండగానే, లోపల కాంక్రీటు మట్టం కేసింగ్ అడుగు కంటే కనీసం రెండు మీటర్లు పైన ఉండగా, కుదుపు లేకుండా లాగాలి. లాగుతుంటే మట్టం పడుతుంది, పడినంతా నింపాలి. ఒక పైల్ పోసిన రోజే దాని జంట పైల్ గొయ్యి మొదలుపెట్టొద్దు.

తల కొట్టడం, క్యాప్, నేల

కాంక్రీటు పైకొచ్చేటప్పుడు మొదటి పోత బురదని కలుపుకుని తలలో ఉంటుంది. అందుకే అనుకున్న మట్టం కంటే 60 సెంటీమీటర్లు ఎక్కువ పోసి, ఏడు రోజులయ్యాక ఆ భాగాన్ని కొట్టేయాలి. కొడుతుంటే కంకర విరిగే మంచి కాంక్రీటు వచ్చేదాకా ఆగొద్దు, అది అనుకున్న మట్టం కంటే కిందికి వెళ్లినా సరే. పైల్ గట్టిపడ్డాక తల మీద చిన్న సుత్తితో కొట్టి ప్రతిధ్వని చూసే ఇంటెగ్రిటీ పరీక్ష ఉంది. ఒకే రోజులో అన్ని పైల్స్‌కీ అయిపోతుంది కాబట్టి చిన్న ఇంటికి కూడా చేయించండి. నడుము సన్నబడ్డా, విరిగినా అది పట్టిస్తుంది, అడుగున బురద మిగిలితే మాత్రం సరిగ్గా పట్టించలేదు. దానికి ఒక పైల్ మీద పనిభారానికి ఒకటిన్నర రెట్లు బరువు పెట్టి చూసే లోడ్ టెస్ట్ కావాలి.

ఒక్క పైల్ మీద నిలిచే పిల్లర్‌ని రెండు దిక్కులా ప్లింత్ బీములతో తప్పక కట్టాలి. పైల్ కొంచెం పక్కకి జరిగి ఉంటే వచ్చే వంపుని ఆ బీములే తీసుకుంటాయి. జంట పైల్స్ ఉన్నచోట ఆ రెండింటినీ కలిపే గీతకి అడ్డంగా బీము రావాలి.

చివరగా, పైల్స్ మోసేది పిల్లర్లని, గోడల్ని. గ్రౌండ్ ఫ్లోర్ నేలని కాదు. గ్రావెల్ మీద పీసీసీ వేసి టైల్స్ పరిస్తే, ఇల్లు కదలకుండా నిలిచి నేల మాత్రం కిందికి జారి, స్కర్టింగ్ కింద వేలు దూరే సందు కనిపిస్తుంది. మాస్టారి ఇంటికి ప్లింత్ బీముల మీదే స్లాబు వేశాం, పై అంతస్తుకి వేసినట్టే. వీధి మెట్లని ఇంటికి అతికించకుండా సందు వదిలి విడిగా కట్టాం. సెప్టిక్ ట్యాంకు పూడికలోనే ఉంది, అది దిగుతుంది. అందుకని ఇంట్లోంచి దానికి వెళ్లే గొట్టానికి గోడ బయట రబ్బరు జాయింటు పెట్టి, వాలు మామూలుకంటే ఎక్కువ ఇచ్చాం.